రీసెట్ బటన్: మందుల గోడౌన్‌లో ఒక పొరపాటు, ఆ తర్వాతి ఏడు నెలలు

మందుల ఫ్రిజ్‌కి తగిలించే చిన్న డిజిటల్ థర్మామీటర్‌లో మూడు అంకెలు ఉంటాయి. ఇప్పుడు ఎంత చల్లగా ఉంది అనేది ఒకటి. కిందటిసారి రీసెట్ చేసినప్పటి నుంచి ఎంత వేడెక్కిందో, ఎంత చల్లబడిందో చెప్పేవి మిగతా రెండు. పక్కన ఒక బటన్ నొక్కితే ఆ పాత రెండూ చెరిగిపోతాయి. కౌన్సెలింగ్‌కి నా దగ్గరికి వచ్చిన అతను ఒక సోమవారం పొద్దున ఆ బటన్ నొక్కాడు. ఈ కేసంతా ఆ నొక్కుడు గురించే. పాడైన సరుకు గురించి అనుకుని నేనూ మొదట్లో కొంత దారి తప్పాను.

ఊరు బరంపురం. అతనికి 34 ఏళ్ళు, ఇంట్లో తెలుగు, పనిలో ఒడియా. ఒక హోల్‌సేల్ మందుల షాపులో పదకొండేళ్ళుగా స్టోర్ చూసుకుంటున్నాడు, జీతం 18 వేలు. ఓనర్ మన తెలుగు షావుకారే. పర్లాకిమిడి, గుణుపురం దాకా రిటైల్ షాపులకి వాళ్ళ వ్యాన్ వెళ్తుంది. అతని అనుమతితోనే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను.

మే నెలాఖరులో ఒక శనివారం మధ్యాహ్నం కరెంటు పోయి నాలుగు గంటలు రాలేదు. ఇన్సులిన్ ఉన్న ఫ్రిజ్ 13 డిగ్రీలకి చేరింది. ఇన్సులిన్‌ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. సాయంత్రం కరెంటు రాగానే త్వరగా చల్లబడుతుందని అతను థర్మోస్టాట్ నాబ్‌ని చివరిదాకా తిప్పాడు. ఇళ్ళలో మనమంతా చేసే పనే అది. మందుల ఫ్రిజ్ దగ్గర మాత్రం చెయ్యకూడదు. కరెంటు వచ్చాక నాబ్ ముట్టుకోకపోతే ఫ్రిజ్ తన పాత చల్లదనానికి తనే చేరుకుంటుంది. తిప్పితే అది తిప్పిన చోటిదాకా పోతుంది. వెళ్ళేముందు వెనక్కి తిప్పుదామనుకున్నాడు. ఈలోగా లారీ వచ్చింది, సరుకు దించుకున్నారు, తాళం వేసి వెళ్ళిపోయాడు. మర్నాడు ఆదివారం, సెలవు.

సోమవారం పొద్దున 8:40కి తలుపు తీస్తే సున్నాకి కింద 1.6 చూపిస్తోంది. కనిష్ఠం సున్నాకి కింద 4.2. వెనక వరుసలో కొన్ని సీసాల్లో మంచు కట్టింది. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక మామూలుగా కనిపించినా వాడకూడదు. తెల్లగా ఉండే మిశ్రమ రకాల్లో పలుకులు తేలవచ్చు. తేటగా ఉండే రకంలో కంటికి ఏమీ తెలియకపోవచ్చు. దాని బలం ఎంత మిగిలిందో షాపులో కొలిచే దారి లేదు. అంటే ఆ ఫ్రిజ్‌లో సరుకంతా పారబోయాలి. ఖరీదు 3 లక్షల 80 వేలు.

అతను నాబ్ వెనక్కి తిప్పి, బటన్ నొక్కి, రిజిస్టర్‌లో 4.2 అని రాశాడు. ఆ అంకె ఎందుకు రాశావని తర్వాత అడిగాను. "కళ్ళ ముందు అదే కనబడుతోంది మేడమ్. ముందున్న గీత తీసేశానంతే" అన్నాడు.

పదిన్నరకి గుణుపురం రూటు వ్యాన్‌లో అదే ఫ్రిజ్ నుంచి 46 సీసాలు వెళ్ళాయి. బుధవారం మధ్యాహ్నం పర్లాకిమిడిలో ఒక షాపు నుంచి ఫోన్ వచ్చింది: సీసా అరచేతుల మధ్య దొర్లించినా పలుకులు పోవడం లేదు. అప్పుడు అతను షావుకారుతో ఫ్రిజ్ పాడైందని చెప్పాడు. వ్యాన్ కుర్రాడు ఐస్ సరిగ్గా పెట్టలేదని కూడా అన్నాడు. గురువారం మెకానిక్ వచ్చి ఫ్రిజ్ బాగానే ఉందన్నాడు. షావుకారు రిజిస్టర్ తెప్పించి, అతని ముఖం చూసి, "నిజం చెప్పు" అన్నారు. అందరి ముందూ కాళ్ళ మీద పడి ఏడ్చాడు. "లే. ఇంటికి పో. నేను పిలిచేదాకా రావద్దు" అన్నారాయన.

తొమ్మిదో రోజున భార్య, మేనమామ కలిసి నా దగ్గరికి తీసుకొచ్చారు. ఫోన్ స్విచాఫ్. వీధిలోకి రాడు. పాలవాడు పిలిచినా లోపలి గదిలోకి పోతాడు. పిల్ల పెన్సిల్ పోగొట్టుకుందని విరుచుకుపడ్డాడట. మేనమామ పరువు గురించి చెప్పబోతుంటే బయట కూర్చోమన్నాను.

మొదటి అరగంట అతని మనసు గురించి నేనేమీ అడగలేదు. ఆ 46 సీసాలు ఇప్పుడు ఎక్కడున్నాయని అడిగాను. ఇలాంటి కేసుల్లో కౌన్సెలర్లు తరచూ వెనక్కి నెట్టే ప్రశ్న ఇది. ఎదురుగా మనిషి కుమిలిపోతుంటే ఓదార్చబుద్ధవుతుంది. కానీ ఎక్కడో ఒక ముసలమ్మ ఆ మందు పొడుచుకుంటూ ఉండవచ్చు. అవసరమైతే గోప్యతని పక్కనపెట్టి నేనే షావుకారుకి ఫోన్ చేసేదాన్ని. ఇతరులకి హాని జరిగే పరిస్థితిలో చట్టం దానికి వీలిస్తుంది, ఆ సంగతి అతనికి ముందే చెప్పాను. షావుకారు గురువారమే షాపులన్నింటికీ ఫోన్ చేశారని, 41 సీసాలు వెనక్కి వచ్చాయని తెలిసింది. అమ్ముడైన ఐదింటిలో మూడు తెలిసిన ఖాతాదారులవి, దొరికాయి. రెండు దొరకలేదు. "ఆ రెండూ" అని అతను తల దించుకున్నాడు. అతనికి నిద్ర పట్టనివ్వనివి ఆ 3 లక్షల 80 వేలు కావు, ఆ రెండు సీసాలే. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

డిప్రెషన్ కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో 27కి 16 వచ్చింది. చచ్చిపోతే బావుంటుందన్న ఆలోచన గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకి 'కొన్ని రోజులు' అన్నాడు. ఈ జవాబు వచ్చాక మాట మార్చకూడదు. ఎప్పుడు, ఎంతసేపు, పథకం ఏమైనా ఉందా, ఏది ఆపింది అని నేరుగా అడిగాను. పథకం లేదు. రాత్రి రెండు దాటాక వస్తుంది, పిల్ల పక్కలో కదిలితే పోతుంది. భార్యని లోపలికి పిలిచి, అతని ఎదురుగానే మాట్లాడి, కాగితం మీద రాసుకున్నాం: ఆ వేళ మెలకువ వస్తే ముందు భార్యని లేపాలి, తర్వాత ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యాలి, అదీ చాలకపోతే మెడికల్ కాలేజీ ఎమర్జెన్సీకి. మర్నాడే సైకియాట్రిస్ట్‌కి చూపించాం. నిద్రకి కొద్ది రోజుల మందు ఇచ్చారు.

ఇక సిగ్గు సంగతి. తెలుగులో ఈ మాటకి పని ఎక్కువ. కొత్త పెళ్ళికూతురి బిడియమూ సిగ్గే, దొంగతనం బయటపడ్డవాడిదీ సిగ్గే. మా రంగంలో వేరుచేసి చూసేది రెండోదాన్ని. 'నేను తప్పు చేశాను' అన్న బాధ వేరు, 'నేనే ఒక తప్పుని' అన్న బాధ వేరు. జూన్ టాంగ్నీ అనే అమెరికన్ మనస్తత్వ పరిశోధకురాలు దశాబ్దాలుగా ఈ తేడా మీదే పని చేశారు. మొదటి బాధ మనిషిని బాగుచెయ్యడం వైపు నెడుతుంది. రెండోది దాక్కోవడం వైపు, లేకపోతే ఎదుటివాళ్ళ మీద పడడం వైపు నెడుతుంది. అతను ఆ రోజుల్లో చేసినవి వరసగా పెట్టి చూడండి. బటన్ నొక్కడం, వ్యాన్ కుర్రాడి మీదకి తొయ్యడం, కాళ్ళ మీద పడడం, ఫోన్ ఆపెయ్యడం, పిల్ల మీద అరవడం. అన్నీ ఒకే చోటు నుంచి వచ్చాయి.

కాళ్ళ మీద పడడాన్ని ఆ జాబితాలో ఎందుకు చేర్చానని భార్య అడిగింది. "అంతకంటే ఏటి చేస్తాడు మేడమ్?" అంది. నా సమాధానం ఇది: కాళ్ళు పట్టుకున్నవాడి ముఖం కనబడదు. ఎదుటివాడు ప్రశ్న అడగలేడు. లే లే అనాలి, లేదా తోసెయ్యాలి. నష్టపోయినవాడే ఓదార్చాల్సిన పరిస్థితి వస్తుంది. పెద్దల కాళ్ళకి మొక్కడం మన మర్యాదే, దాన్ని నేను తీసిపారెయ్యను. లెక్క చెప్పాల్సిన వేళ మాత్రం అది అడ్డం.

రెండో సెషన్‌లో ఒక గుండ్రం గీసి, జరిగినదానికి ఎవరి వాటా ఎంతో ముక్కలు చెయ్యమన్నాను. మామూలుగా వాడే పద్ధతే. ఒక నియమం మాత్రం ఉంది, తన వాటా చివర్న గియ్యాలి. ముందే గీస్తే గుండ్రం అంతా నిండిపోతుంది. నాలుగు గంటలు కరెంటు లేకపోవడం, జనరేటర్ లైన్ ఆ ఫ్రిజ్‌కి లేకపోవడం, నాబ్ గురించి ఎవరూ ఎప్పుడూ నేర్పకపోవడం, ఆదివారం చూసే మనిషి లేకపోవడం, అప్పుడే లారీ రావడం గీశాడు. చివర్న అతనికి మిగిలింది సుమారు మూడో వంతు. అది చూసి ఊరట పడలేదు. "మరి బటన్?" అన్నాడు.

అక్కడ నాకు అర్థమైంది. ఇంకో గుండ్రం గియ్యమన్నాను, సోమవారం 8:40 నుంచి గురువారం దాకా జరిగినదానికి. అందులో ముక్కలేమీ రాలేదు. అంతా అతనిదే. ఇద్దరం కాసేపు ఆ రెండు బొమ్మలూ చూస్తూ కూర్చున్నాం. మొదటిది చేతగానితనం, మరుపు, ఏర్పాట్ల లోపం. రెండోది నిజాయితీ తప్పడం. వీటిని కలిపి 'నావల్లే అంతా' అని ఏడిస్తే మొదటిదానికి ఎక్కువ శిక్ష, రెండోదానికి తక్కువ లెక్క పడుతుంది.

నమ్మకం తిరిగి కట్టుకోవడం మీద పీటర్ కిమ్, సహచరులు 2004లో ప్రచురించిన ప్రయోగాలు ఈ తేడా గురించే. చేతకాక జరిగిన తప్పుకి క్షమాపణ బాగా పనిచేస్తుంది, ఎందుకంటే చేత నేర్చుకోవచ్చని జనం నమ్ముతారు. నిజాయితీ తప్పిన చోట మాత్రం ఒప్పుకోలే ఎదురు తిరగగలదు. 'వీడు ఇలాంటివాడన్నమాట' అన్న ముద్ర దానితోనే పడుతుంది. అందుకని అబద్ధమే కొనసాగించమని కాదు, మా కేసులో అబద్ధం ఎలాగూ బయటపడింది. బటన్ విషయంలో మాట ఎంత బాగున్నా దానితో పని జరగదని, తర్వాతి నెలలే చెప్పాలని అతనికి ముందే తెలియాలి. లేకపోతే క్షమాపణ చెప్పాక కూడా షావుకారు ముఖం మారలేదని మళ్ళీ గదిలోకి పోతాడు.

మూడో సెషన్‌కి క్షమాపణ రాసుకు రమ్మన్నాను. రెండు పేజీలు తెచ్చాడు. పిల్లలు, అమ్మ బీపీ, పదకొండేళ్ళ సేవ, దేవుడి మీద ఒట్టు, అన్నీ ఉన్నాయి. 'తప్పైపోయింది' అని ఆరుసార్లు ఉంది. 'నేను బటన్ నొక్కాను' అని ఒక్కసారీ లేదు. ఈ 'తప్పైపోయింది' మన భాషలో చాలా సుఖమైన మాట. వాన కురిసిపోయినట్టు తప్పు దానంతటదే అయిపోతుంది, చేసినవాడు వాక్యంలో ఉండడు. అతను పనిలో మాట్లాడే ఒడియాలోనూ 'భుల్ హోయిగలా' అంటారు, అదీ అంతే. పక్కన గీత గీసి, ప్రతిచోటా 'నేను' పెట్టి తిరగరాయమన్నాను. ఆరింటిలో నాలుగు చోట్ల రాయలేకపోయాడు. అక్కడ అసలు ఏ పనీ లేదు, బాధే ఉంది. అవి కొట్టేశాం.

'నన్ను క్షమించండి' కూడా తీసేయించాను. క్షమాపణలోని భాగాలని విడదీసి ఏది ఎంత బరువో చూసిన లెవికీ బృందం 2016 అధ్యయనంలో బాధ్యత ఒప్పుకోవడం అన్నిటికంటే ముందుంది, నష్టం సరిచేస్తాననడం దాని తర్వాత. క్షమించమని అడగడం అట్టడుగున ఉంది. అమెరికా ఫలితం బరంపురానికి అచ్చంగా అతుకుతుందని అనను. కానీ షావుకారు ఒకసారి ఆ ప్రాధేయపడడం చూసేశారు, దానికి విలువ కట్టేశారు కూడా.

మధ్యలో ఒక పని మిగిలింది. ఆ రెండు సీసాలు. క్షమాపణ కంటే ముందు అవి వెతకాలని అతనే అన్నాడు. ఫోన్ ఆన్ చేసి షావుకారుకి ఒక్క మెసేజ్ పెట్టాడు: గుణుపురం వెళ్ళి వెతకడానికి అనుమతి కావాలి, ఖర్చు నాది. 'వెళ్ళు' అని జవాబు వచ్చింది. రిటైల్ షాపాయన చీటీలు తిరగేసి ఇద్దరి వీధులు చెప్పాడు. ఒకాయన పలుకులు చూసి అప్పుడే పారేశాడు. రెండో ఆవిడ వాడుతోంది. షుగర్ 300 దాటి ఉంది. సీసా వల్లేనా, మామిడిపళ్ళ వల్లా అంటే ఎవరూ చెప్పలేరు. తన పేరు, షాపు పేరు చెప్పి, సీసా ఎందుకు పనికిరాదో చెప్పి, కొత్తది ఇచ్చి, ఆవిడ కొడుకుతో కలిసి డాక్టర్ దగ్గరికి వెళ్ళాడు. కొడుకు నడిరోడ్డు మీద తిట్టాడు. తిరిగొచ్చాక ఎలా ఉందని అడిగితే "తిట్టినంతసేపూ కాళ్ళు వణికాయి. కానీ రాత్రి పడుకున్నాను" అన్నాడు. సిగ్గు దాక్కోమన్నప్పుడు దానికి ఎదురు నడవడం ఒక చికిత్సా పద్ధతే. నేను పుస్తకం ప్రకారం చిన్నవాటితో మొదలెట్టేదాన్ని, పాలవాడితో మాట్లాడడం లాంటివి. అతను అన్నిటికంటే పెద్దదానితో మొదలెట్టాడు.

షావుకారుతో మాట ఒక రాత్రి షాపు మూసే వేళకి, వెనక గదిలో, ఇద్దరూ కూర్చుని. అతను చెప్పింది దాదాపు ఇలా ఉంది:

"శనివారం సాయంత్రం నేను నాబ్ చివరికి తిప్పి మర్చిపోయాను. అది నా పొరపాటు. సోమవారం పొద్దున సున్నాకి కింద 4.2 చూశాను. బటన్ నొక్కి చెరిపేశాను, రిజిస్టర్‌లో అబద్ధం రాశాను, సరుకు పాడైందని తెలిసీ వ్యాన్ ఎక్కనిచ్చాను. మీకు ఫ్రిజ్ పాడైందని చెప్పాను, కుర్రాడి పేరు చెప్పాను. అవి పొరపాట్లు కావు, తెలిసి చేశాను. 8:40కే చెప్పి ఉంటే సరుకు పోయేది గాని ఒక్క సీసా బయటికి వెళ్ళేది కాదు. మీ పేరు ఏడు షాపుల్లో పోయింది. గుణుపురంలో రెండు సీసాల సంగతి తేలింది, వివరం ఈ కాగితంలో ఉంది. నష్టంలో నా వంతు మీరు చెప్పండి. ఫ్రిజ్ తాళం నాకు ఇవ్వమని అడగను."

షావుకారు చాలాసేపు మాట్లాడలేదట. తర్వాత, "నాబ్ సంగతి నాకు అర్థమైందిరా. నేనైనా తిప్పేవాణ్ణి. ఆ బటనే నాకు మింగుడు పడడం లేదు" అన్నారు. మా రెండో గుండ్రం ఆయన మనసులోనూ ఉందన్నమాట. క్షమించాననలేదు. సోమవారం నుంచి ప్యాకింగ్‌లోకి రమ్మన్నారు.

డబ్బు గురించి కొంచెం చెప్పాలి, ఇక్కడ చాలామంది జారిపోతారు. భార్య గొలుసు అమ్మి, వడ్డీకి తెచ్చి, మొత్తం కట్టేస్తానని అతని పట్టు. నేను వద్దన్నాను. అప్పు తీర్చేస్తే ముఖం చూపించగలనన్న ఆ తొందర కూడా సిగ్గుదే. ఆరు నెలల తర్వాత వడ్డీ వాడు గుమ్మంలో కూర్చుంటే ఇంకో రిజిస్టర్‌లో ఇంకో అంకె రాసే పరిస్థితి వస్తుంది. నిర్లక్ష్యం వల్ల జరిగిన నష్టానికి జీతంలో కోత పెట్టాలంటే ముందు ఆ ఉద్యోగి వివరణ వినాలని, నెలలో కోతలన్నీ కలిపి జీతంలో సగం దాటకూడదని వేతన చట్టం చెబుతుంది. షావుకారు అంతదాకా పోలేదు. 60 వేలు, నెలకి 2,500 చొప్పున 24 నెలలు. కాగితం రాసుకున్నారు. మిగతాది షాపు భరించింది. ఇన్సూరెన్స్‌లో ఇలాంటి నష్టం లేదు.

ఇక చేతలు. 'ఇకపై జాగ్రత్తగా ఉంటాను' అని అతను రాసుకున్న వాక్యాన్ని కొట్టేసి, ఎవరూ దాచడానికి వీల్లేని పద్ధతి ఏదో చెప్పమన్నాను. స్టోర్ మనిషి కనక అతనికే బాగా తెలుసు. పొద్దున, సాయంత్రం మూడు అంకెలూ రిజిస్టర్‌లో రాయాలి, రీసెట్ ఆ తర్వాతే, అదీ రెండో మనిషి నొక్కి సంతకం పెట్టాలి. బటన్ నొక్కేముందు డిస్‌ప్లే ఫొటో షాపు వాట్సాప్ గ్రూపులో పడాలి. నాబ్ ఉండాల్సిన చోట ఎర్ర పెయింట్ చుక్క పెట్టి, మీద టేపు వేశారు. కరెంటు పోతే తలుపు తియ్యకూడదు, వచ్చాక నాబ్ ముట్టకూడదు అని ఒడియాలోనూ తెలుగులోనూ రాసి అంటించారు. షావుకారు తన డబ్బుతో ఒక డేటా లాగర్ కొన్నారు. పది నిమిషాలకోసారి తనే నమోదు చేసుకుంటుంది, దానికి చెరిపే బటన్ ఎవరి చేతిలోనూ ఉండదు. జనరేటర్ లైన్ కూడా వేయించారు. 'నా వంతు' అని ఆయన అనలేదు గాని, వేయించారు.

ఆరో వారంలో ఇంకో చిక్కు వచ్చింది. షావుకారు నాకు ఫోన్ చేసి, "అమ్మా, వీడు నన్ను బతకనివ్వడం లేదు" అన్నారు. రోజుకి ఎనిమిదిసార్లు ఫోన్. బాక్సు ఇలా కట్టనా, ఆ బిల్లు మీరు చూస్తారా, నిన్న నా మీద కోపం వచ్చిందా. మధ్యలో ప్రతి చిన్నదానికీ సారీ. ఇది బయటికి బాధ్యతలా కనిపిస్తుంది. అసలు జరిగేదేమిటంటే, తన మనసు కుదుటపరిచే పని రోజూ ఎదుటివాడి మీద పెట్టడం. ఆ ఎనిమిదింటినీ రెండు చేశాం: పొద్దున 9:15కి ఒక మెసేజ్, సాయంత్రం ఒకటి, అంకెలు మాత్రమే. మిగతా వేళల్లో ఫోన్ చేయాలనిపిస్తే టైమ్, విషయం ఒక చీటీ మీద రాసుకుని నాకు తేవాలి. మొదటి వారం చీటీలో 31 ఉన్నాయి. నాలుగో వారానికి ఐదు. వాటిలో నిజంగా షావుకారుని అడగాల్సింది ఒక్కటి.

అసలు పరీక్ష ఆగస్టులో వచ్చింది, ఎవరూ పెట్టకుండానే. సాయంత్రం జనరేటర్ స్టార్ట్ కాలేదు. తాళం ఉన్న మనిషి టీకి వెళ్ళాడు. ప్యాకింగ్ బల్ల నుంచి డిస్‌ప్లే చూస్తే 8.9 ఉంది. అతను ఫొటో తీసి, గ్రూపులో పెట్టి, షావుకారుకి ఫోన్ చేశాడు, అంతా ఆరు నిమిషాల్లో. డేటా లాగర్‌లో తర్వాత చూస్తే 8 దాటి ఉన్నది 40 నిమిషాలు. కంపెనీ వాళ్ళని అడిగితే సరుకు వాడుకోవచ్చన్నారు. నష్టం లేదు, ఎవరూ మెచ్చుకోలేదు కూడా. సెషన్‌లో దాన్ని చిన్న విషయంలా చెప్పి వేరే మాటలోకి వెళ్ళబోయాడు. నేను ఆపి, ఆ ఆరు నిమిషాల్లో ఒళ్ళు ఎలా ఉందని అడిగాను. "చెమటలు పట్టాయి. బటన్ వైపు చూశాను, మేడమ్. చూశాను" అన్నాడు. ఆ రోజు పీహెచ్‌క్యూ-9 స్కోరు 5.

నా పొరపాటు ఒకటి ఇక్కడ రాయాలి. వ్యాన్ కుర్రాడి గురించి ఐదో సెషన్ దాకా నేను అడగలేదు. షావుకారు ముందు అతని పేరు ఎత్తి ఒప్పుకున్నాడు కదా, తేలిపోయిందనుకున్నాను. తేలింది షావుకారుతోనే. ఆ కుర్రాడు ఒడియా అబ్బాయి, 22 ఏళ్ళు. ఆ బుధవారం నుంచి గురువారం దాకా ఒకటిన్నర రోజు షాపంతా అతన్ని దొంగలా చూసింది. పైవాడికి క్షమాపణ చెప్పడానికి మూడు వారాలు కసరత్తు చేసిన మనిషికి, కిందవాడికి చెప్పాలన్నది తట్టలేదు. నాకూ తట్టలేదు. ఉద్యోగం తీసేయగలిగినవాడి వైపే మా ఇద్దరి కళ్ళూ ఉన్నాయి.

అతను ఒడియాలో చెప్పాడు, 'హోయిగలా' లేకుండా, 'ము కలి' అని. అంటే నేను చేశాను. నిందించింది అందరి ముందు కాబట్టి ఇదీ అందరి ముందే, లోడింగ్ దగ్గర. కుర్రాడు బాక్సు ఎత్తుకుంటూ విన్నాడు. "సరే అన్నా, నాకు పని ఉంది" అని వ్యాన్ ఎక్కాడు. అంతే. తర్వాత రెండుసార్లు టీ ఇప్పించబోతే తాగలేదు. మూడోసారి అడగవద్దని నేనే చెప్పాను. చెప్పినవాడి పని చెప్పడంతో అయిపోతుంది, పుచ్చుకోవడం ఆ అబ్బాయి ఇష్టం.

ఎనిమిది సెషన్లు అయ్యాక ఏడో నెలలో ఒకసారి రమ్మన్నాను. నిద్ర బాగుంది. కోతలు నెలనెలా జరుగుతున్నాయి, 2,500 తగ్గి వస్తున్న జీతం భార్యకి అలవాటైపోయింది. మేనమామ ఇప్పటికీ పెళ్ళిళ్ళలో ఆ కథ ఎత్తుతాడట. పర్లాకిమిడి షాపాయన మాత్రం వీళ్ళ దగ్గర ఇన్సులిన్ కొనడం మానేసి వేరే హోల్‌సేల్‌కి మారాడు, తిరిగి రాలేదు.

మూడు నెలల తర్వాత తాళం సంగతి చూద్దామన్న షావుకారు ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఇతనూ అడగలేదు. మార్గశిరంలో ఆయన ఇచ్ఛాపురంలో పెళ్ళికి బయల్దేరుతూ, కారు హారన్ కొడుతుంటే, తాళాల గుత్తి కౌంటర్ మీద పడేసి "చూసుకో" అని వెళ్ళిపోయారు. మర్నాడు తిరిగొచ్చాక వెనక్కి అడగలేదు.

"అంటే క్షమించినట్టేనా, మేడమ్?" అని అడిగాడు.

ఆయన్నే అడగమన్నాను. ఇంకా అడగలేదట. సాయంత్రం రీసెట్ బటన్ మాత్రం ఇప్పుడు వ్యాన్ కుర్రాడే నొక్కుతున్నాడు. మూడు అంకెలూ గట్టిగా చదువుతాడు, రిజిస్టర్‌లో సంతకం పెడతాడు, మాట్లాడకుండా వెళ్ళిపోతాడు.